ఉప్పు ఎంత లోపలికి వెళ్తుంది?

వరికోతలు అయిపోయాక డెల్టా పొలాల్లోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజలూ నత్తలూ పురుగులూ ఏరుకు తింటూ ఊరి నుంచి ఊరికి సాగే ఆ మందల వెనక ఒకరిద్దరు మనుషులు పొడుగాటి కర్రలు పట్టుకుని నడుస్తుంటారు. రాత్రికి వల కట్టి మందను అందులోకి తోలతారు. తెల్లవారి వల తీసేసరికి గడ్డి మీద తెల్లగా, లేత నీలంగా గుడ్లు కనిపిస్తాయి. ఒక చలికాలం పొద్దున అలాంటి మంద దగ్గర ఆగి డజను గుడ్లు కొన్నాను. "ఇవాళ్టివేనా?" అని అడిగితే, "ఈ పొద్దుటివేనమ్మా, తీసి గంట కూడా కాలేదు" అన్నాడు మంద మనిషి.

ఆ డజనునూ ఉప్పునీటిలో ఊరబెట్టాలన్నది నా ఆలోచన. ఇంట్లో ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ పెట్టిన చేతులు కదా, గుడ్డు ఎంత పని అనుకున్నాను. ఊరగాయల దగ్గర మనం నేర్చుకున్న సూత్రం ఒకటే: ఉప్పు తగ్గకూడదు, తడి తగలకూడదు. ఆ రెండూ పాటిస్తే జాడీ ఏడాదంతా అటక మీద ఉన్నా భయం లేదు. కానీ ఈ సూత్రాన్ని గుడ్డుకు వర్తింపజేస్తే ప్రమాదం. మామిడి ముక్కకూ గుడ్డుకూ తేడా ఎక్కడుందో తెలిస్తే ఉప్పు గుడ్డును భయం లేకుండా చేసుకోవచ్చు. ఎక్కడ ఆగాలో కూడా అదే చెబుతుంది.

ఎక్కడి వంటకం

ఉప్పు గుడ్డు మన ఇళ్ళ వంటకం కాదు. దాని సొంత ఇల్లు చైనా, అక్కడి నుంచి ఆగ్నేయాసియా. 6వ శతాబ్దంలో చైనాలో జియా సిషే రాసిన వ్యవసాయ గ్రంథం 'చీమిన్ యావ్‌షూ'లోనే బాతు గుడ్లను ఉప్పు కలిపిన చెట్టుబెరడు కషాయంలో నిల్వచేసే పద్ధతి ఉంది. ఈ రోజుకీ జియాంగ్సు రాష్ట్రంలోని గావ్‌యూ పట్టణం ఉప్పు బాతు గుడ్లకు పేరుపడింది. ఇండోనేసియాలో జావా దీవిలోని బ్రెబెస్ ఊరికీ ఇదే పేరు. అక్కడ ఇటుకపొడి, బూడిద, ఉప్పు కలిపిన ముద్దను గుడ్ల చుట్టూ పట్టించి ఊరబెడతారు. ఫిలిప్పీన్స్‌లో ఊరి ఉడికిన గుడ్లకు ఎర్రరంగు వేసి అమ్ముతారు. పచ్చి గుడ్లలో కలిసిపోకుండా అది గుర్తు.

అన్నిచోట్లా ఎక్కువగా బాతు గుడ్లే వాడడానికి కారణం ఉంది. కోడిగుడ్డు కంటే బాతు గుడ్డులో పచ్చసొన పెద్దది, దానిలో కొవ్వు ఎక్కువ. ఊరి ఉడికాక ఆ పచ్చసొనను చీలిస్తే నారింజ రంగు నూనె వేలికి అంటుకుంటుంది. నోట్లో ఇసుకలా రేణువులు రేణువులుగా విడిపోతుంది. ఆ రుచి కోసమే ఇదంతా. కోడిగుడ్డుతోనూ చేయొచ్చు కానీ నూనె అంతగా ఊరదు.

డజను గుడ్లు, లీటరున్నర నీళ్ళు

ముందు గుడ్లను ఏరుకోవాలి. పెట్టి రెండు మూడు రోజులు దాటనివి, పెంకు మీద పేడ, బురద గట్టిగా అంటుకోనివి తీసుకున్నాను. గది చీకటి చేసి ఒక్కో గుడ్డు వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూశాను. పగులు ఉంటే వెంట్రుక మందాన వెలుగు గీత కనిపిస్తుంది. రెండు గుడ్లను నెమ్మదిగా తాకించి విన్నా తెలుస్తుంది. మంచి పెంకు ఖంగుమంటుంది, పగిలింది మొద్దుగా పలుకుతుంది. డజనులో ఒకటి అలా పలికింది. దాన్ని ఆ పూటే బాగా ఉడికించి కూర చేసేశాను. ఊరబెట్టడానికి పగిలిన గుడ్డు పనికిరాదు.

తర్వాత కడగడం. గుడ్డు పెంకుకు వేల సంఖ్యలో సన్నని రంధ్రాలుంటాయి. చన్నీళ్ళలో ముంచితే లోపలి పదార్థం కుంచించుకుని, ఆ రంధ్రాల గుండా బయటి మురికినీటిని లోపలికి పీలుస్తుంది. అందుకని గుడ్డు కంటే కాస్త వెచ్చని నీటిని ధారగా పోసి కడిగి, వెంటనే శుభ్రమైన బట్టతో తుడిచి ఆరబెట్టాలి. కడిగితే పెంకు మీద సహజంగా ఉండే పల్చని రక్షణ పొర పోతుంది. కాబట్టి కడిగిన గుడ్డును రేపటికి ఉంచకూడదు, ఆరగానే జాడీలోకి వెళ్ళాలి.

ఇక ఉప్పునీరు. నా కొలత లీటరు నీటికి 300 గ్రాముల కల్లుప్పు. 11 గుడ్లకు లీటరున్నర నీళ్ళు, 450 గ్రాముల ఉప్పు పట్టాయి. మూడు లీటర్ల జాడీ సరిపోయింది. ఉప్పును గ్లాసులతో కొలవద్దు. కల్లుప్పు గ్లాసులో వదులుగా పడుతుంది, మెత్తని ఉప్పు కూరుకుంటుంది, తేడా చాలా వస్తుంది. కాటా మీద తూచడమే నమ్మకం. నీళ్ళు మరగనిచ్చి, ఉప్పు కరిగించి, దించి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడినీటిలో గుడ్లు వేస్తే పెంకులు చిట్లుతాయి.

ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పెద్దవాళ్ళు గుడ్డు వేసి చూసేవారు. తేలితే సరిపోయినట్టు. ఆ పరీక్ష ఇక్కడ చాలదు. నూటికి 11, 12 పాళ్ళ ఉప్పు పడేసరికే తాజా గుడ్డు తేలుతుంది. మనకు కావలసింది దానికి దాదాపు రెట్టింపు. ఇంకో మాట కూడా ఉంది. ఇంత చిక్కటి ఉప్పునీటిలో తాజా గుడ్డయినా పాత గుడ్డయినా పైకే తేలుతుంది. కాబట్టి గుడ్డు తాజాదనాన్ని ముందే, మామూలు మంచినీటిలో వేసి చూసుకోవాలి. అక్కడ అడుగున పడుకున్నదే పనికొస్తుంది.

తేలే గుడ్లను ముంచి ఉంచడం ఈ పనిలో అన్నిటికంటే చిన్న విషయంలా కనిపిస్తుంది, పాడయ్యే గుడ్లలో చాలావాటికి కారణం మాత్రం అదే. నీటిపైకి పొడుచుకొచ్చిన పెంకు భాగానికి ఉప్పు తగలదు. మొదటిసారి చిన్న పింగాణీ సాసరు బోర్లిస్తే అది ఒరిగి, రెండు గుడ్లు నాలుగు రోజులపాటు తలలు బయటపెట్టి ఉండిపోయాయి. ఆ రెంటినీ పారేశాను. ఇప్పుడు జిప్ సంచిలో అదే ఉప్పునీరు నింపి, మూతి బిగించి గుడ్ల మీద పెడుతున్నాను. సంచి ఆకారం మార్చుకుని జాడీ నిండా కూర్చుంటుంది. ఎక్కడైనా కారినా ఉప్పునీరే కాబట్టి జాడీలో నీరు పలచబడదు. జాడీ గాజుదో పింగాణీదో అయి ఉండాలి. ఇంత ఉప్పు వారాల తరబడి తగిలితే లోహం తుప్పు పడుతుంది.

పైన మూతపెట్టి, మొదలుపెట్టిన తేదీ రాసి అంటించాను. ఆగ్నేయాసియాలో ఈ జాడీలు ఇంట్లో చల్లని మూల బయటే ఉంటాయి, మూడు నాలుగు వారాల్లో గుడ్లు ఊరతాయి. నేను ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. అక్కడ నెలన్నర దాకా పడుతుంది. ఎందుకలా అన్నది కొంచెం ముందుకెళ్ళాక తెలుస్తుంది.

పచ్చసొన ఎలా గట్టిపడుతుంది

ఇరవయ్యో రోజున ఒక గుడ్డు పగలగొట్టి చూశాను. తెల్లసొన జావ కట్టలేదు, నీళ్ళలా పలచబడి కాస్త మబ్బుగా ఉంది. అందులో పచ్చసొన గుండ్రంగా నిలబడింది. చాకుతో కోస్తే అంచు చుట్టూ మైనంలా గట్టి పొర, నడుమ ఇంకా కారే పచ్చి ద్రవం. ఉప్పు ఎంతవరకు వచ్చి ఆగిందో గీత గీసినట్టు కనిపించింది.

జరిగేది ఇది. జాడీలోని ఉప్పు పెంకు రంధ్రాల గుండా, పెంకు వెనక ఉండే పొరల గుండా నెమ్మదిగా తెల్లసొనలోకి దిగుతుంది. తెల్లసొన దాదాపు అంతా నీరే కాబట్టి అందులో సులువుగా కలుస్తుంది. పచ్చసొన దగ్గరికి వచ్చేసరికి నడక మారుతుంది. పచ్చసొన చుట్టూ ఇంకో పొర ఉంది, లోపల కొవ్వు ఎక్కువ, నీరు తక్కువ. ఉప్పు అందులోకి దూరడం కంటే, పచ్చసొనలోని నీరు ఉప్పగా మారిన తెల్లసొనవైపు బయటికి రావడమే ఎక్కువ. నీరు పోయినకొద్దీ పచ్చసొన అంచు నుంచి నడుముకు గట్టిపడుతూ వస్తుంది. నీటితో కలిసి ఉన్న కొవ్వు విడివడుతుంది. ఉడికించినప్పుడు ఊరే నూనె అదే.

అందుకే పూర్తిగా ఊరిన గుడ్డులో కూడా తెల్లసొన నాలుక మీద పెట్టలేనంత ఉప్పగా ఉంటుంది, పచ్చసొనలో ఉప్పు పలకరించినట్టే ఉంటుంది. మామిడి ముక్కకూ గుడ్డుకూ తేడా ఇక్కడే. మామిడి ముక్క వేలెడు మందం, కోసిన ముఖాలన్నీ తెరుచుకుని ఉంటాయి, పైగా దానికదే పులుపు. ఉప్పూ ఆవపిండీ నాలుగు వైపుల నుంచి పట్టుకుంటాయి. గుడ్డు మూసిన పెట్టె. దాని నడుమన ఉన్న పచ్చసొనకు పులుపు లేదు, ఉప్పు చేరేది తక్కువ, చేరినా వారాల తర్వాతే.

ముప్ఫై ఎనిమిదో రోజున ఇంకోటి పగలగొట్టాను. ఈసారి పచ్చసొన చిన్న నారింజ బంతిలా చేతిలో దొర్లింది, నడుమ దాకా గట్టిగా ఉంది. ఇక జాడీలో ఉంచకూడదు. ఇంకా ఉంచితే తెల్లసొన తినలేనంత ఉప్పవుతుంది, పచ్చసొన పిండిలా పొడిబారుతుంది.

మొదటి వారం

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. గుడ్డు విషయంలో మొదట తలచుకోవలసిన సూక్ష్మజీవి సాల్మొనెల్లా. అది పెంకు మీద మురికిలో ఉండొచ్చు. అంతకంటే చిక్కు ఏమిటంటే, దానిలో ఒక రకం పక్షి అండాశయంలోనే చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి వస్తుంది. అలాంటి గుడ్డు పైకి కడిగిన ముత్యంలా ఉంటుంది.

జాడీలోని చిక్కటి ఉప్పునీటిలో సాల్మొనెల్లా పెరగలేదు. కానీ చావదు కూడా, చాలాకాలం బతికే ఉంటుంది. గుడ్డు లోపల ఉన్నదానికైతే మొదటి రోజుల్లో ఆ ఉప్పు అందనే అందదు. పెంకు దాటి, తెల్లసొన దాటి పచ్చసొన అంచుకు ఉప్పు చేరేలోగా వారం పది రోజులు గడిచిపోతాయి. ఆ వారం గుడ్డును కాపాడేది ఉప్పు కాదు, గుడ్డు సొంత బలమే. తాజా తెల్లసొనలో సూక్ష్మజీవుల గోడల్ని కరిగించే లైసోజైమ్ ఉంది. వాటికి కావలసిన ఇనుమును పట్టేసి దాచుకునే ప్రోటీను ఉంది. గుడ్డు పాతబడితే, ఎండకు మగ్గితే పచ్చసొన చుట్టూ ఉన్న పొర బలహీనపడి లోపలి పోషకాలు తెల్లసొనలోకి కారతాయి. అప్పుడు ఆ కాపలా పనిచేయదు.

ఇందాకటి నియమాలన్నిటికీ కారణం ఈ మొదటి వారమే. గుడ్డు తాజాగా ఉండాలనడం, పగులు ఉండకూడదనడం, కడిగాక ఆలస్యం చేయొద్దనడం, అన్నీ ఉప్పు వచ్చి అందుకునేదాకా గుడ్డును నిలబెట్టడానికి. 5 డిగ్రీల దగ్గర సాల్మొనెల్లా పెరగడం దాదాపు ఆగిపోతుంది. ఫ్రిజ్‌లో ఉప్పు ప్రయాణం నెమ్మదించినా సూక్ష్మజీవి ప్రయాణం అంతకంటే ఎక్కువ నెమ్మదిస్తుంది. మన ఎండాకాలంలో వంటగది మూల 38, 40 డిగ్రీలుంటే ఆ లెక్క తిరగబడుతుంది. వేసవిలో ఈ జాడీని బయట పెట్టొద్దు.

ఊరిన గుడ్డు పచ్చసొన గట్టిగా ఉంది కదా అని పచ్చిగా తినకూడదు. ఈ మధ్య పచ్చసొనను ఉప్పు, చక్కెరలో పూడ్చి గట్టిపరిచి, అన్నం మీదా పాస్తా మీదా తురుముకోవడం కూడా చాలామంది చేస్తున్నారు. చూడడానికి జున్నులా ఉన్నా అది పచ్చి గుడ్డే. సాల్మొనెల్లాను చంపేది వేడి. గుడ్డు నడుమ భాగం 71 డిగ్రీలు దాటాలి. బాతు గుడ్డును చన్నీళ్ళలో వేసి, మరిగాక సన్నటి మంట మీద పావుగంట ఉంచితే ఆ వేడి నడుమకు చేరుతుంది. గర్భిణులకు, పసిపిల్లలకు, పెద్దవయసు వారికి, జబ్బుతో నీరసించిన వారికి పూర్తిగా ఉడకని గుడ్డు ఏ రూపంలోనూ పెట్టొద్దు.

ఉడికాక అయిపోలేదు

ఉడికించాం కాబట్టి ఇక భయం లేదని మనసు చెబుతుంది. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డు త్వరగా పాడవుతుంది. ఇందాక చెప్పిన లైసోజైమ్, ఇనుమును దాచే ప్రోటీను వేడికి చెడిపోతాయి. గుడ్డు తన కాపలా తానే కోల్పోతుంది. అదే సమయంలో మరుగుతున్న నీటి వేడికి కూడా చావని గింజల్లాంటి రూపంలో కొన్ని సూక్ష్మజీవులు మిగిలి ఉండొచ్చు. వాటిలో అన్నిటికంటే భయంకరమైనది బోటులిజం తెచ్చే క్లాస్ట్రిడియం బొటులినం. గాలి తగలని, పులుపు లేని, ఉప్పు తక్కువున్న, వెచ్చని చోటు దొరికితే అది మేల్కొని విషం తయారుచేస్తుంది.

1997లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగింది ఇదే. 68 ఏళ్ళ మనిషి ఇంట్లో గుడ్ల ఊరగాయ పెట్టుకున్నాడు. గుడ్లు గట్టిగా ఉడికించి, పెంకు తీసి, పులుపు లోపలికి పట్టాలని పుల్లలతో పొడిచాడు. బీట్‌రూట్, కారపు మిరపకాయలు, వెనిగర్‌తో కలిపి గాజు జాడీలో వేసి మూత బిగించాడు. జాడీ గదిలో బయటే ఉంది, అప్పుడప్పుడు ఎండ కూడా తగిలింది. అవి తిన్నాక ఆయనకు వాంతులు, కడుపునొప్పి మొదలయ్యాయి. ఒక రోజులోపే ఒకటి రెండుగా కనపడడం, మాట ముద్దకట్టడం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. ఆసుపత్రిలో బోటులిజం అని తేలింది.

జాడీలోని పదార్థాలను పరీక్షిస్తే గుట్టు బయటపడింది. వెనిగర్ నీటి పులుపు బొటులినం పెరగలేనంత గట్టిగానే ఉంది. కానీ పచ్చసొనలో ఉన్న విషం ఆ నీటిలో ఉన్నదానికి వెయ్యి రెట్లు. పుల్లతో పొడిచినప్పుడు సూక్ష్మజీవి బీజం పచ్చసొన నడుమకు చేరి ఉండాలి. పులుపు మాత్రం అంత వేగంగా అక్కడికి చేరలేదు. వెచ్చని గది మిగతా పని చేసింది. పులుపు త్వరగా పట్టాలని పొడిచిన పొడుపే విషానికి దారి అయింది.

ఈ విషానికి వాసన లేదు, రుచి లేదు. కుళ్ళిన గుడ్డు అయితే ముక్కు పట్టిస్తుంది. తెల్లసొన పచ్చగానో గులాబీ రంగుగానో మెరిస్తే, పచ్చసొన నల్లబడితే, జాడీలో నురగ, తెట్టు కడితే కన్ను పట్టిస్తుంది. అలాంటివి రుచి కూడా చూడకుండా పారేయాలి. కానీ బాగానే కనిపించినంత మాత్రాన బాగుందని కాదు. సాల్మొనెల్లా, బొటులినం రెండూ ఏ గుర్తూ చూపించకుండా ఉండగలవు. నిల్వచేసిన తిండి తిన్నాక రెప్పలు వాలిపోతున్నా, చూపు రెండుగా కనిపిస్తున్నా, మింగడం కష్టమైనా, జ్వరం లేకపోయినా సరే, ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళి ఏం తిన్నారో చెప్పాలి.

మన గుడ్డు పచ్చడి మాటేమిటి

ఇల్లినాయ్ కథ ఎక్కడిదో అనిపించొచ్చు. మన ఇళ్ళలో ఇప్పుడు కోడిగుడ్డు నిల్వ పచ్చడి వచ్చింది. గుడ్లు ఉడికించి, గాట్లు పెట్టి, నూనెలో వేయించి, కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం కలిపి, మీద నూనె తేలేలా సీసాకు ఎత్తుతారు. ఒకసారి మా మేనకోడలు విదేశం నుంచి ఫోన్ చేసి, "అత్తా, చికెన్ పచ్చడితో పాటు గుడ్డు పచ్చడి కూడా ఒక సీసా పంపించు, నెలంతా వస్తుంది" అంది. నెలంతా రాదని చెప్పాల్సి వచ్చింది.

ఆ సీసాలో ఏముందో చూడండి. ఉడికి కాపలా కోల్పోయిన గుడ్డు. గాటు పడిన తెల్లసొన. లోపల పులుపు లేని పచ్చసొన. కారం, నిమ్మరసం బయటి మసాలాలోనే ఉన్నాయి. పైన తేలే నూనె గాలిని లోపలికి రానివ్వదు, ఆవకాయకు అది రక్షణ. ఇక్కడ బొటులినానికి కావలసిందే గాలి లేని చోటు. ఉప్పు, కారం, నూనె అన్నీ సమంగా పడ్డా, గుడ్డు నడుమ భాగం వాటి పరిధిలో లేదు. సూట్‌కేసులో మూడు రోజులు, అక్కడ అలమరలో మూడు వారాలు దానికి చాలా ఎక్కువ.

గుడ్డు పచ్చడి తినాలనిపిస్తే కొద్దిగా చేసుకోండి. గుడ్డును గాట్లు పెట్టడం కాకుండా నాలుగు ముక్కలుగా కోసేయండి, పచ్చసొన బయటపడి మసాలా, పులుపు తగులుతాయి. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో ముగించండి. దాన్ని నిల్వ పచ్చడి అనకుండా కూర అనుకుంటే లెక్క సరిపోతుంది. వెనిగర్‌లో ఊరబెట్టే గుడ్ల విషయంలో అమెరికాలో ఇంటి నిల్వ పద్ధతులను పరీక్షించే జాతీయ కేంద్రం చెప్పేది కూడా ఇదే: మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఫ్రిజ్‌లోనే, తినేటప్పుడు తప్ప బయట ఉంచకూడదు, బయట ఉంచినా రెండు గంటలు దాటకూడదు. గుడ్లను సీసాల్లో మరిగించి మూతలు బిగించి బయట నిల్వచేసే సురక్షితమైన ఇంటి పద్ధతి ఏదీ లేదు.

తినేదాకా

జాడీలో మిగిలిన గుడ్లను ముప్ఫై ఎనిమిదో రోజునే తీసి, కడిగి, పావుగంట ఉడికించాను. చల్లార్చడానికి తాగే నీటినే వాడాను. చల్లబడేటప్పుడు గుడ్డు మళ్ళీ నీటిని పీలుస్తుంది, ఆ నీరు మంచిదై ఉండాలి. పెంకు తీయకుండా, తుడిచి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి పంపాను, వారంలో తినేశాం. ఒలిచేది తినే ముందే. చేతి మీద పుండూ గాయం ఉంటే ఆ చేత్తో ఒలవకూడదు. పుండ్లలో ఉండే స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి మిగతావాటిలా ఉప్పుకు వెరవదు, ఉప్పగా ఉన్న తెల్లసొన మీద కూడా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

ఒక్కో గుడ్డు తెల్లసొనలో సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకని మా ఇంట్లో ఒక గుడ్డును నాలుగు చీలికలు చేసి, ఉప్పు వేయని ముద్దపప్పు, వేడన్నంలో నంజుకున్నాం. రక్తపోటు ఉన్నవారికి పచ్చసొన మాత్రమే పెట్టాం.

చీలికలు చేసేటప్పుడు ఆ గుడ్డును ఒకసారి గమనించండి. అంచున తెల్లసొన, ఉప్పు నిండిన చోటు. నడుమన పచ్చసొన, ఉప్పు నెలన్నరలో కూడా పూర్తిగా చేరలేని చోటు. ఆ దూరం వేలెడు కూడా ఉండదు. జాడీలో అంత ఉప్పు పోసినా ఫ్రిజ్ కావాలని, పొయ్యి కావాలని, వారం దాటకూడదని అనేది ఆ కొంచెం దూరం వల్లే.